నడుము గాయం తర్వాత పనిలో కొన్ని సర్దుబాట్లు కోరుతూ

భీమవరం,
18-8-2025

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారమండి. జూలై 22న వానకి రికార్డు రూములోకి నీళ్లొచ్చినప్పుడు, పాత వోచర్ల పెట్టెలు పైకెత్తుతూ నడుం పట్టేసి కూలబడిపోయిన సంగతి మీకు తెలుసు. ఎంఆర్‌ఐలో ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ ఉబ్బి నరాన్ని ఒత్తుతోందని వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, అదొక్కటే ఊరట. ఈ రోజే మళ్లీ డ్యూటీలో చేరాను.

నడిస్తే పర్వాలేదు కానీ కూర్చుంటేనే ఇబ్బంది. అరగంట దాటితే ఎడమ కాలు మడమ దాకా లాగేస్తుంది. అందుకే డాక్టరు గారు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయమన్నారు. అలా లేచినప్పుడు సీట్లో లేనని ఎవరూ అనుకోకుండా మా సెక్షన్ ఇన్‌ఛార్జి గారికి మీరు ఒక మాట చెప్తే చాలు. నా అంతట నేను చెప్పుకోవాలంటే మొహమాటంగా ఉంది.

ఇప్పుడున్న ప్లాస్టిక్ కుర్చీ బదులు నడుముకి ఆనుడు ఉండి, ఎత్తు సరిచేసుకునే కుర్చీ కావాలి. కాన్ఫరెన్స్ రూములో అలాంటివి రెండు ఖాళీగానే ఉన్నాయి, కొత్తది కొనక్కర్లేదు. మానిటర్ కళ్లకి సూటిగా ఉండేలా కింద ఏదైనా పెట్టుకుంటాను. బరువులు మాత్రం అస్సలు ఎత్తకూడదట, ఫైళ్లు అందివ్వడానికి అటెండర్ సాయం ఇప్పించండి. ఆ పెట్టెలు ఇకమీదట ఎవరి చేతా ఒంటరిగా మోయించకండి, నాకులాగే ఇంకొకరు పడిపోతారు.

ఉండి, ఆకివీడు గోడౌన్లలో మేత స్టాకు చూడ్డానికి వెళ్లడం కొన్నాళ్లు నా వల్ల కాదు. చెరువు గట్ల మీద జీపు కుదుపులకి ఇప్పటిదాకా తగ్గింది కాస్తా తిరగబెడుతుంది. శ్రీనివాస్ గారు వెళ్తానన్నారు, బదులుగా ఆయన జీఎస్‌టీ లెక్కలు నేను సరిచూస్తాను.

బుధ, శుక్రవారాలు పాలకొల్లులో ఫిజియోథెరపీ ఉంది. సెప్టెంబరు నెలాఖరు దాకా ఆ రెండు రోజులూ ఇంటి నుంచి పని చేయనివ్వండి. రిటర్నులు వేసే 11, 20 తేదీలు ఆ రోజుల్లోనే పడితే ఆఫీసుకే వస్తాను, ఫిజియోథెరపీ వేరే రోజుకి మార్చుకుంటాను. మిగతా రోజుల్లో ఉదయం 9.30 బదులు 10 గంటలకి రానిస్తే, కిక్కిరిసిన బస్సు వదిలేసి తర్వాతది ఎక్కి కూర్చుని వస్తాను. ఆ అరగంట సాయంత్రం ఉండి పూర్తి చేస్తాను.

సెప్టెంబరు 26న మళ్లీ చూపించుకోవాలి. ఆ రోజు డాక్టరు గారు చెప్పినదాన్ని బట్టి ఇవి ఆపడమో కొనసాగించడమో మాట్లాడుకుందాం. ఎంఆర్‌ఐ రిపోర్టు, డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను. నడుము సంగతి కాబట్టి రిపోర్టు మీ దగ్గరే ఉంచుకోండి, సెక్షన్‌లో తిరగనివ్వకండి.

కుర్చీ సంగతి మాత్రం రేపే చూడగలరా అండి? మిగతావాటికి ఈ వారంలో మీకు వీలైనప్పుడు పిలిస్తే వస్తాను.

ఇట్లు,
కె. సత్యవతి
సీనియర్ అసిస్టెంట్, అకౌంట్స్ సెక్షన్