బుధవారం రాత్రి డ్యూటీ మార్పు కోసం సుజాత గారికి విన్నపం

పర్లాకిమిడి,
11 ఫిబ్రవరి 2026, బుధవారం.

సుజాత గారికి నమస్కారం.

వచ్చే బుధవారం, అంటే ఫిబ్రవరి 18వ తేదీ రాత్రి 10 గంటల నుంచి గురువారం ఉదయం 6 గంటల వరకు మన మందుల కౌంటర్‌లో నాకు పడిన రాత్రి డ్యూటీని మీరు చేసిపెట్టగలరా అని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. దానికి బదులుగా అదే బుధవారం మీకున్న ఉదయం డ్యూటీని, 6 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు, నేను చేస్తాను. కౌంటర్ దగ్గర రోగులు నిలబడి ఉండగా అడిగితే మీరు ఆలోచించుకునే వీలు లేకుండా మొహమాటానికి సరేననవలసి వస్తుందని, తీరికగా చదువుకోవడానికి రాసి ఇస్తున్నాను.

కారణం మీకు చెప్పడం న్యాయం. మెళియాపుట్టి మండలంలోని మా ఊళ్లో భూముల రీసర్వే జరుగుతోంది. గురువారం ఉదయం మా పొలం ఉన్న వైపు కొలతలు వేస్తారని, రైతులు స్వయంగా వచ్చి తమ హద్దులు చూపించాలని గ్రామ సర్వేయరు మా నాన్నగారికి నోటీసు ఇచ్చారు. మాకున్నది ఎకరా నలభై సెంట్లే అయినా, తాతగారి కాలంలో నోటిమాటగా జరిగిన పంపకం వల్ల మా పెదనాన్న గారి వాటాకూ మాకూ మధ్యనున్న గట్టు ఎవరిదన్నది ఇప్పటికీ తేలలేదు. ఈసారి కొలిచి రాసుకున్న దాన్నిబట్టే కొత్త ఎల్‌పీఎం నంబరు వస్తుంది కనుక, ఆ రోజు ఊరుకుని తర్వాత అర్జీలు పట్టుకుని మండలాఫీసు చుట్టూ తిరగడం కన్నా, ముందే పొలంలో నిలబడి మాట్లాడుకోవడం మేలని ఇంట్లో అందరం అనుకున్నాం. నాన్నగారికి వినికిడి బాగా తగ్గింది. సర్వేయరు అడిగేది ఒకటి, ఆయన చెప్పేది ఇంకొకటి అయితే మా పెదనాన్న గారి పిల్లలతో లేనిపోని మనస్పర్థలు వస్తాయేమోనని నా భయం.

రాత్రి డ్యూటీ ముగించుకుని తెల్లవారి బయల్దేరినా ఊరు చేరుకోలేనంత దూరమేమీ కాదని మీకూ తెలుసు. అయితే రాత్రంతా మేలుకుని, ఎండలో పొలం గట్ల మీద పగలంతా తిరిగి, మళ్లీ గురువారం రాత్రి 10 గంటలకు నా డ్యూటీకి వచ్చి మందులు ఇవ్వడం నాకు క్షేమంగా తోచలేదు. ఒకే పేరులా వినిపించే రెండు మాత్రల మధ్య తేడా గమనించవలసిన ఉద్యోగం మనది. పైగా బుధవారం సాయంత్రమే ఊరు చేరితే పాత దస్తావేజులు, పాసు పుస్తకం ఒకసారి సరిచూసుకుని, పెదనాన్న గారి ఇంటికి వెళ్లి కొలతలకు ముందే కూర్చుని మాట్లాడే అవకాశం ఉంటుంది. నిజం చెప్పాలంటే, సర్వే కన్నా ఆ మాటే ముఖ్యమైనది.

మిమ్మల్నే ఎందుకు అడుగుతున్నానంటే, ప్రిస్క్రిప్షన్ మీద మందు ఇవ్వవలసినది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 నాటి ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షను చెబుతోంది కాబట్టి, రాత్రి సహాయకుడిగా ఉండే కుర్రవాడికి కౌంటర్ అప్పగించి వెళ్లడానికి వీల్లేదు. దీపక్ గారికి ఆ రోజు సాయంత్రం డ్యూటీ ఉంది. ఆయన్ని ఆగమంటే మధ్యాహ్నం 2 నుంచి మరునాటి ఉదయం 6 దాకా పదహారు గంటలు ఏకధాటిగా నిలబెట్టినట్టవుతుంది. స్టోరు చూసే పెద్దాయన రాత్రులు మేలుకోకూడదని డాక్టరు చెప్పిన సంగతి మనందరికీ తెలిసిందే. ఇంకొకామె ప్రసూతి సెలవులో ఉన్నారు. ఇక మిగిలింది మీరొక్కరే. ఇలా చెప్పడం మిమ్మల్ని ఇరుకున పెట్టడానికి కాదు, మిగతా దారులన్నీ చూసుకున్న తర్వాతే మీ దగ్గరకు వచ్చానని తెలియజేయడానికి.

మీకు కలిగే ఇబ్బందిని కూడా లెక్కవేశాను. బుధవారం ఉదయం డ్యూటీ నేను చేస్తాను కనుక మీరు పగలు పడుకుని రాత్రికి రావచ్చు. మంగళవారం నాకు వారపు సెలవు కాబట్టి నాకూ వరుసగా రెండు డ్యూటీలు పడవు. గురువారం ఉదయం 6 గంటలకు పెద్దాయన వచ్చి మీ దగ్గర బాధ్యత తీసుకుంటారు. తర్వాత శుక్రవారం ఉదయం 6 గంటలకే మీ డ్యూటీ. అయినా వచ్చే వారం మీ వారపు సెలవు గురువారమే కాబట్టి అందులో సగం నిద్రకే పోతుంది. గంటలు సరిపోయాయి కదా అని దీన్ని సమానమైన మార్పు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

అందుకని ఇంకొక మాట. మార్చి 19వ తేదీ గురువారం ఉగాది. మన రోస్టరులో ఉగాదికి విడిగా సెలవంటూ ఉండదు, ఇక్కడి తెలుగువాళ్లందరం ఆ రోజు ఎవరికి వారపు సెలవు పడుతుందా అని ఎదురుచూసేవాళ్లమే. మార్చి రోస్టరు వేసేటప్పుడు ఆ రోజు మీకు వారపు సెలవు ఇచ్చి, ఉదయం డ్యూటీ నాకు వేయమని మేనేజరు గారిని నేనే అడుగుతాను. మీరు పచ్చడి కలుపుకుని నింపాదిగా పండుగ చేసుకోవచ్చు. మా ఇంట్లో వంట ఎలాగూ మధ్యాహ్నం దాటితే గాని తెమలదు, రెండింటికి డ్యూటీ దిగి వెళ్లినా నాకు భోజనం దొరుకుతుంది. ఉగాది కాకుండా వేరే రోజు మీకు అవసరమైతే ఆ రోజే చెప్పండి. ముందుగా తెలిస్తే చాలు.

ఈ నెల 15వ తేదీ ఆదివారం శివరాత్రి. మహేంద్రగిరి యాత్రకు వెళ్లి వచ్చేవాళ్లతో ఆ రెండు మూడు రోజులూ మన దగ్గర రద్దీ ఉండవచ్చు. బుధవారానికి అది తగ్గుతుందనే అనుకుంటున్నాను కాని, ఓఆర్ఎస్ పొట్లాలు, కట్టుగుడ్డ, నొప్పి మాత్రలు ముందే స్టోరు నుంచి తెప్పించి రాత్రి అరలో పెట్టించే పూచీ నాది. రాత్రివేళ తాళం చెవులు వెతుక్కునే పని మీకు పెట్టను.

మీరు రాత్రి డ్యూటీ చేసి చాలా కాలమైంది కనుక కొన్ని సంగతులు ఇక్కడే చెబుతాను. ఇన్సులిన్, ఆక్సిటోసిన్ ఉన్న ఫ్రిజ్ ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. దాన్ని రాత్రి 10కి, 2కి, ఉదయం 6కి చూసి పక్కనే వేలాడదీసిన కాగితంలో రాస్తున్నాం. కరెంటు పోయినప్పుడు జనరేటరు దానంతటదే అందుకుంటుంది కాని, ఫ్రిజ్ ప్లగ్గు ఉన్న బోర్డు స్విచ్ మాత్రం ఒక్కోసారి పడిపోతోంది. ఎలక్ట్రీషియనుకు చెప్పాను, ఇంకా రాలేదు. అందుకని కరెంటు వచ్చి పోయినప్పుడల్లా ఫ్రిజ్ లోపలి దీపం వెలుగుతోందో లేదో ఒకసారి తలుపు తీసి చూడండి. పాముకాటు మందు పొడి సీసాలు ఎడమవైపు అద్దాల బీరువాలో రెండో అరలో ఉన్నాయి. క్యాజువాలిటీ నుంచి కబురు వస్తే మొదటి విడతకే పది సీసాలు అడగవచ్చు కనుక, బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగేలోపు ఇరవై సీసాలు లెక్కపెట్టి, గడువు తేదీలు చూసి, ఆ సంఖ్య పుస్తకంలో రాసి సంతకం పెడతాను. మీరు రాగానే మరొకసారి లెక్క చూసుకోండి, నేను ఏమీ అనుకోను.

షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు కొత్తది మొదలుపెట్టాం. ట్రమడాల్, ఆల్ప్రజోలం, సెఫిక్సిమ్ వంటివి ఇచ్చినప్పుడు డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చామన్నది అప్పటికప్పుడే రాయాలి. పొద్దున రాద్దామని వదిలేస్తే తర్వాత చీటీలు దొరకవు. ఆ రిజిస్టరు మూడేళ్లు భద్రపరచవలసినది కాబట్టి కొట్టివేతలు లేకుండా ఉంటే మంచిది. పాత రిజిస్టరు కింది సొరుగులో ఉంది, దాన్ని కదపవలసిన పని లేదు.

కొండమీది గూడేల నుంచి రాత్రివేళ వచ్చే సవర కుటుంబాలకు ఒడియాలోగాని తెలుగులోగాని చెప్పినది ఒక్కోసారి పూర్తిగా అందడం లేదు. మందు కవరు మీద పొద్దుటి పూటకు సూర్యుడు, రాత్రి పూటకు చంద్రుడు బొమ్మ వేసి, ఎన్ని మాత్రలో అన్ని చుక్కలు పెట్టి ఇస్తున్నాను. ఆ తర్వాత వాళ్లచేతనే తిరిగి చెప్పించుకుంటున్నాను. సహాయకుడికి సవర బాగా వచ్చు, అవసరమైతే అతన్ని పిలవండి. మందు ఎంచి ఇవ్వడం మాత్రం అతని చేత చేయించవద్దు.

మేనేజరు గారికి తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది కాని రోస్టరు సంగతులన్నీ ఇంగ్లీషులోనే కావాలంటారు. మీరు సరేనన్న తర్వాతే ఆయనకు చెబుతాను. మీ పేరు మీద ఏమి చెప్పబోతున్నానో మీకు ముందే తెలియాలి కదా. ఆయన ఫోన్ చేసి అడిగితే మీరు కూడా ఇదే చెప్పేందుకు వీలుగా ఆ ఇంగ్లీషు మాటలను మన అక్షరాల్లోనే ఇక్కడ రాస్తున్నాను:

“రెస్పెక్టెడ్ సర్, విత్ యువర్ పర్మిషన్, సుజాత అండ్ ఐ విల్ ఎక్స్ఛేంజ్ డ్యూటీస్ ఆన్ వెన్స్‌డే, ఎయిటీన్త్ ఫిబ్రవరి. ఐ విల్ డు హర్ మార్నింగ్ షిఫ్ట్, సిక్స్ ఏఎమ్ టు టూ పీఎమ్. షీ విల్ డు మై నైట్ షిఫ్ట్, టెన్ పీఎమ్ టు సిక్స్ ఏఎమ్. బోత్ ఆఫ్ అస్ ఆర్ రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్స్, సో ద కౌంటర్ విల్ బి కవర్డ్ అట్ ఆల్ అవర్స్. ఐ విల్ బి బ్యాక్ ఫర్ మై ఓన్ నైట్ షిఫ్ట్ ఆన్ థర్స్‌డే. కైండ్లీ అప్రూవ్ అండ్ అప్‌డేట్ ద రోస్టర్.”

ఇందులో ఏ మాటైనా మార్చాలనిపిస్తే చెప్పండి. ఆయన ఒప్పుకుని రోస్టరులో దిద్దేవరకు పాత డ్యూటీలే లెక్క. ఏ కారణం చేతనైనా ఆయన కాదంటే ఆ మాట వెంటనే మీకు తెలియజేస్తాను.

శనివారం, ఫిబ్రవరి 14వ తేదీ రాత్రి 8 గంటలలోగా మీ జవాబు తెలిపితే ఆదివారం వేసే రోస్టరుకు ముందే మేనేజరు గారితో మాట్లాడగలను. వీలుపడుతుందనో పడదనో ఒక్క మాట చాలు. వీలుపడకపోతే కారణం చెప్పనవసరం లేదు. అప్పుడు మా బావగారిని నాన్నగారికి తోడుగా పంపి, నేను డ్యూటీ దిగిన వెంటనే వెళ్లి కలుసుకుంటాను. సర్వే వాయిదా పడినట్టు తెలిస్తే, అది ఆఖరి నిమిషమైనా సరే, ముందుగా మీకే ఫోన్ చేసి చెబుతాను. అప్పటికే మేనేజరు గారు రోస్టరు దిద్ది ఉంటే, మార్పు అలాగే ఉంచుకోవాలో పాత డ్యూటీలకు వెళ్లాలో మీ ఇష్టం.

ఇట్లు,
వెంకటరమణ,
ఫార్మసిస్టు.

మరొక సంగతి: బుధవారం రాత్రికి గల్లాపెట్టెలో రెండు వేల రూపాయల చిల్లర విడిగా కవరులో పెట్టి ఉంచుతాను. రాత్రివేళ ఐదు వందల నోట్లే ఎక్కువగా వస్తున్నాయి.