బహిరంగ మార్కెట్ కార్యకలాపాలు, సీఆర్ఆర్, ఎస్ఎల్ఆర్: సాధన ప్రశ్నలు, వివరణలతో కీ

1. రిజర్వు బ్యాంకు ఒక వాణిజ్య బ్యాంకు నుంచి రూ.1,000 కోట్ల ప్రభుత్వ బాండ్లు కొన్నది. వెంటనే జరిగేది?
ఎ) సీఆర్ఆర్ శాతం తగ్గుతుంది
బి) రిజర్వు బ్యాంకు దగ్గర ఆ బ్యాంకు ఖాతాలో నిల్వ పెరుగుతుంది
సి) ప్రభుత్వానికి రూ.1,000 కోట్లు అందుతాయి
డి) ఆ బ్యాంకు డిపాజిట్లు అంతమేర పెరుగుతాయి

జవాబు: బి. ఎక్కువమంది పడిపోయేది 'సి' దగ్గరే. ఆ బాండ్లు ఎప్పుడో జారీ అయినవి, ప్రభుత్వానికి డబ్బు అప్పుడే వచ్చేసింది. ఇప్పుడు చేతులు మారింది పాత కాగితం. బ్యాంకు తన బాండ్లనే అమ్మింది కనుక 'డి' కూడా తప్పు.

2. ఒక బ్యాంకు నికర డిమాండ్, కాల బాధ్యతలు రూ.2,00,000 కోట్లు. సీఆర్ఆర్ 3 శాతం, రోజువారీ కనీసం 90 శాతం. ఏ రోజూ నిల్వ ఎంతకు తగ్గకూడదు?
ఎ) రూ.6,000 కోట్లు
బి) రూ.5,400 కోట్లు
సి) రూ.1,800 కోట్లు
డి) రూ.600 కోట్లు

జవాబు: బి. ముందు 3 శాతం: రూ.6,000 కోట్లు. అందులో 90 శాతం: రూ.5,400 కోట్లు. అయితే పక్షం మొత్తానికి సగటు రూ.6,000 కోట్లు ఉండి తీరాలి. 15 రోజుల పక్షంలో తొలి 5 రోజులు 5,400 చొప్పున ఉంచితే లోటు 600 × 5 = 3,000. మిగిలిన 10 రోజులూ సగటున 6,300 ఉంచితేనే లెక్క సరిపోతుంది. రోజువారీ కనీసం తప్పితే ఆ రోజు లోటుపై బ్యాంకు రేటు కంటే 3 శాతం ఎక్కువ వడ్డీ జరిమానా. మర్నాడూ తప్పితే 5 శాతం ఎక్కువ. ఇంతా చేసి, సీఆర్ఆర్ నిల్వపై బ్యాంకుకు వడ్డీ రాదు.

3. 2016 నవంబరులో రిజర్వు బ్యాంకు కొత్తగా పెరిగిన డిపాజిట్లపై 100 శాతం అదనపు సీఆర్ఆర్ విధించింది. కారణం?
ఎ) రూపాయి పతనం
బి) నోట్ల రద్దుతో బ్యాంకుల్లో పేరుకున్న నగదును పీల్చడం
సి) మొండి బాకీలు
డి) ఎస్ఎల్ఆర్ లోటు

జవాబు: బి. బాండ్లు అమ్మి పీల్చవచ్చు కదా అన్న సందేహం రావాలి. అమ్మడానికి తన దగ్గరున్న బాండ్లకు హద్దుంది. అందుకే డిసెంబరులో, అదనపు నగదును పీల్చడానికే ప్రభుత్వం ప్రత్యేకంగా బాండ్లు జారీ చేసే మార్కెట్ స్థిరీకరణ పథకం పరిమితిని రూ.30,000 కోట్ల నుంచి రూ.6 లక్షల కోట్లకు పెంచి, ఆపై ఈ అదనపు సీఆర్ఆర్‌ను ఎత్తేశారు.

4. దీర్ఘకాలిక బాండ్లు కొంటూ, అదే విలువకు స్వల్పకాలిక బాండ్లు అమ్మితే?
ఎ) ద్రవ్యత్వం బాగా పెరుగుతుంది
బి) ద్రవ్యత్వం బాగా తగ్గుతుంది
సి) దీర్ఘకాలిక రాబడి రేట్లు తగ్గుతాయి, ద్రవ్యత్వం దాదాపు మారదు
డి) సీఆర్ఆర్ మారుతుంది

జవాబు: సి. 2019 డిసెంబరులో మొదలైన 'ఆపరేషన్ ట్విస్ట్' ఇదే. కొనుగోలుతో బాండు ధర పెరిగితే రాబడి రేటు దిగుతుంది.

5. ఎస్ఎల్ఆర్‌కు ఆధారం?
ఎ) రిజర్వు బ్యాంకు చట్టం, సెక్షన్ 42
బి) బ్యాంకింగ్ నియంత్రణ చట్టం, సెక్షన్ 24
సి) ఫెమా
డి) కంపెనీల చట్టం

జవాబు: బి. సెక్షన్ 42 సీఆర్ఆర్‌ది.