సుజాతకు, అత్త పోయిన ఐదో రోజు

సుజీ,

ఆదివారం మీ ఇంట్లో రెండు గంటలు కూర్చున్నా నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయినాను. వాకిట్లో షామియానా, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, ఆగకుండా మోగే నీ ఫోను. అంతలో కూడా నువ్వు అందరికీ మంచినీళ్ళు అందినాయా లేదా అని చూసుకుంటా తిరుగుతానే ఉన్నావు. కాసేపు నీ చేయి పట్టుకుని కూర్చుందామనుకున్నా, నీ చేతులు ఖాళీగా లేవు. అందుకే చిత్తూరికి వచ్చినాక ఇది రాస్తా ఉన్నాను. జవాబు రాయొద్దు. చదవాలనిపించినప్పుడు చదువు, లేకపోతే వదిలేయి.

మంగళవారం రాత్రి ఫోన్లో నువ్వన్న మాట నాతోనే ఉండిపోయింది. ‘తొమ్మిదేళ్ళ తర్వాత నిన్న తెల్లారేదాకా నిద్రపోయినా లలితా. లేచినాక నామీద నాకే అసహ్యమేసింది’ అన్నావు. పక్కన పిల్లలుండి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయినాను. ఇప్పుడు చెప్తా విను. తొమ్మిదేళ్ళు నువ్వు ఒక చెవి తెరిచి పెట్టుకుని పడుకున్నావు. గొళ్ళెం చప్పుడైతే లేచినావు, దగ్గు వినిపిస్తే లేచినావు, ఏ చప్పుడూ లేకపోతే ఇంకా భయపడి లేచినావు. ఆ కాపలా అయిపోయింది గాబట్టి ఒళ్ళు పడిపోయింది. అది ఒంటికి తెలిసిన సంగతి, దాన్ని నీ మనసు మీదికి తెచ్చుకోవద్దు. అమ్మ పోతే నిద్రపట్టిన కూతురివి కావు నువ్వు. అమ్మ కోసం నిద్ర మానుకున్న కూతురివి.

‘పోనీలే, ఆమెకీ విముక్తి, నీకూ విముక్తి’ అని నీ ఎదురుగానే ఎంతమంది అన్నారో నేనూ విన్నాను. మంచికే అని ఉంటారు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నీ మొహం ఎట్లా అయిపోయిందో చూసినాను. పోయింది మంచంలో ఉన్న మనిషి ఒక్కతే అయినట్టు మాట్లాడతారు. నువ్వు 2016 నుంచీ పోగొట్టుకుంటానే ఉన్నావు. ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతానికి పూలమ్ముతా మూరలు లెక్క తప్పి, ఒకే మనిషి దగ్గర రెండుసార్లు డబ్బులడిగింది చూడు, అప్పుడే మొదలైంది. పది వేళ్ళ మీద పండగ లెక్కంతా చెప్పే మనిషి. మొదట చూపించిన డాక్టరు ‘వయసైతే మతిమరుపు మామూలే’ అని పంపించేసినాడు. మరుసటేడు ఇంకొకాయన స్కానింగు తీయించి అల్జీమర్స్ అని పేరు చెప్పిన రోజు, మీ ఇంటి మెట్ల మీద కూర్చుని నువ్వు ఏడ్చినావు. అప్పుడు ఎవరూ పరామర్శకు రాలేదు. అత్త వంట మరిచిపోయినప్పుడు, ఇంటి దారి మరిచిపోయినప్పుడు, నీ పేరు మరిచిపోయినప్పుడు కూడా ఎవరూ రాలేదు. ఇప్పుడు కన్నీళ్ళు రావడం లేదని నువ్వు బాధపడతా ఉంటే, అవి చాలావరకు అప్పుడే అయిపోయినాయని నేను నమ్ముతాను. మిగిలినవి వస్తాయి. ఎప్పుడొచ్చినా సరే, ఏడ్చెయ్యి.

నీ పేరు సంగతి ఎత్తినాను గాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఆదివారం ఎవరో ‘చివర్లో కూతుర్ని గుర్తుపట్టిందా?’ అని అడిగితే నువ్వు తల అడ్డంగా ఊపినావు. గుర్తుపట్టింది సుజీ. మాటలు పోయేదాకా నిన్ను ‘అక్కా’ అనే పిలిచింది గదా. అత్తకి ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోతే, తల దువ్వి, అన్నం పెట్టి పెంచింది ఆ పెద్దక్కే. ఈ జబ్బులో ఇటీవలివి ముందు పోతాయి, చిన్ననాటివి ఎక్కువ కాలం నిలుస్తాయి. నీ పేరు పోయింది. కానీ ‘నన్ను చూసుకునేది ఈమె, ఈమె దగ్గర ఉంటే నాకు భయం లేదు’ అన్నది పోలేదు. ఆమె దగ్గర దానికి మిగిలిన మాట అక్క. తన జన్మలో అందరికంటే నమ్మిన మనిషి చోటు ఆమె నీకిచ్చింది.

మామ విషయంలో అబద్ధాలు చెప్పినానని కూడా నీకు మనసులో ఉంది, నాకు తెలుసు. 2009లో పోయిన మనిషి కోసం సాయంత్రం అయ్యేసరికి ‘ఇంకా రాలేదేమే’ అని వాకిట్లోకి నడిచేది. మొదట్లో నువ్వు నిజం చెప్పినావు. అప్పుడే చచ్చిపోయినట్టు గుండెలు బాదుకుని ఏడ్చింది, మర్నాడు మళ్ళా అడిగింది, మళ్ళా ఏడ్చింది. తర్వాత నువ్వే దారి కనుక్కున్నావు. ‘గంగమ్మ జాతరకి పోయినాడు లేమ్మా, వేషం కడుక్కుని వస్తాడు’ అన్నావు. అంతే, నవ్వింది. ‘మాతంగి వేషం కదా, జడకి పూలు నేనే కట్టిచ్చినా’ అనింది. ఆ రోజు నేనక్కడే ఉన్నా. ఆమె మొహంలో వెలుగు నాకింకా కళ్ళ ముందే ఉంది. రోజుకొకసారి భర్త చావుని కొత్తగా మోయించకుండా ఆమెను కాపాడినావు. దాన్ని అబద్ధాల్లో లెక్కెయ్యొద్దు.

ఇక ఆ రాత్రి. రెండు గంటలప్పుడు మూడోసారి పక్క మారుస్తా ఉంటే చేయి కొరికిందని నువ్వు గట్టిగా అరిచి, ఆమెని మంచం మీదికి తోసేసినానని ఏడుస్తా ఫోను చేసినావే, ఆ రాత్రి. అది జరగలేదని నేననను. తొమ్మిదేళ్ళలో అట్లాంటి రాత్రులు ఎన్ని, పక్క మార్చి, గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడిచి, దుప్పటి కప్పి తల నిమిరిన రాత్రులు ఎన్ని? పొద్దున్నే నువ్వు కాఫీ తీసుకుపోతే నీ చెంప పట్టుకుని ‘తిన్నావా అక్కా’ అనింది. ఆమె దగ్గర ఆ రాత్రి లేదు. నీ దగ్గరే ఉండిపోయింది.

ముక్కులో గొట్టం వద్దన్నందుకు మీ అన్న ఇప్పటికీ కినుకగా ఉన్నాడని విన్నాను. దూరంగా ఉండేవాళ్ళకి చేయలేకపోయినామన్న బాధ అట్లా బయటికొస్తుంది. వాడిమీద కోపం పెట్టుకోవద్దు, ఆ మాటని మనసుకి కూడా పట్టించుకోవద్దు. జబ్బు ఆఖరికొచ్చేసరికి మింగడమే మర్చిపోతారు. గొట్టం వేసినంత మాత్రాన ఎక్కువ కాలం బతుకుతారని కాదు, ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆగుతుందనీ కాదు, చేత్తో కొంచెం కొంచెం పెట్టడమే మేలని డాక్టరే చెప్పినారు గదా నీకు. పైగా గొట్టం పీకేస్తారని చేతులు కట్టేయాల్సి వచ్చేది. అత్త చేతులు కట్టేయడమా? నువ్వు రాగి జావ పలచగా కాచి, ఆమె తల ఎత్తి కూర్చోబెట్టి, ఒక్కో చెంచాకి గొంతు కదిలిందా అని చూసి, అప్పుడు ఇంకో చెంచా పెట్టేదానివి. గంట పట్టేది అరగ్లాసుకి. దాన్ని ఆకలితో వదిలేయడం అనేవాడు ఎవడైనా ఉంటే, వాణ్ణి నా దగ్గరికి పంపించు.

అత్త చేతులంటే చెప్పాల్సింది చాలా ఉంది. నీకిప్పుడు కళ్ళు మూస్తే మంచం మీద ముడుచుకున్న అమ్మే కనిపిస్తా ఉంటుంది. అంతకు ముందు అత్త కొంత నా దగ్గర కూడా దాచి ఉంది, తీసుకో.

మనం ఇంటర్మీడియట్‌లో ఉండగా, తీర్థకట్ట వీధి వెనక మీ పాత ఇంట్లో, కాలేజీ అయినాక నేను నేరుగా మీ ఇంటికే వచ్చేదాన్ని. అత్త గుమ్మంలో పీట మీద కూర్చుని ఉండేది. ఒక పక్క తడిగుడ్డలో మల్లెమొగ్గలు, ఇంకో పక్క కనకాంబరాలు, మరువం, నీళ్ళ చెంబులో నానిన అరటినార. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, నార చుట్టి ఒక లాగు. మనవైపు చూసి మాట్లాడతానే ఉండేది, వేళ్ళు మాత్రం ఆగేవి కావు. నాకు నేర్పించినప్పుడు నా ముడి వదులైతే విప్పేసి, ‘గట్టిగా లాగితే కాడ తెగుతుంది, వదిలేస్తే రాలుతుంది, పూవుకి తెలీకుండా లాగాల పాపా’ అనేది.

ఒక శుక్రవారం పొడుగాటి ఆడమనిషి వచ్చి, అత్త మోచేయి చిన్నది, మూర తక్కువొస్తుందని గొణిగింది. అత్త దండ ఆమె చేతికే ఇచ్చి ‘నీ మూరతోనే కొలుచుకోమ్మా’ అనింది. ఆమె కొలుచుకుంది. తర్వాత బక్కపల్చటి పిల్ల వస్తే మాత్రం తన మూరతోనే కొలిచి, పైన ఇంకో జానెడు వదిలి కత్తిరించింది. నీకిది గుర్తుందో లేదో. నువ్వు లోపల లెక్కలు చేసుకుంటా ఉన్నావు.

పోయిన సంక్రాంతికి నేనొచ్చినప్పుడు మాటలు పూర్తిగా పోయినాయి. కిటికీ వైపు చూస్తా పడుకుని ఉంది. చీర చెంగులో ఒక దారం ఊడి ఉంటే, రెండు వేళ్ళతో పట్టుకుని చుట్టి లాగుతా ఉంది, మళ్ళా చుట్టి లాగుతా ఉంది. నేను పక్కన కూర్చుని నా వేలు పెట్టినాను. నా వేలు చుట్టూ దారం చుట్టి ముడి వేసింది. గట్టిగా లేదు, వదులుగా లేదు. అప్పుడు నీకు చెప్పలేదు, నువ్వు ఏడుస్తావని. ఇప్పుడు చెప్తున్నా.

కర్మక్రియలు బుధవారం గదా, నేను సోమవారమే వస్తాను, పొద్దున బస్సుకి. మూడు రోజులు ఉంటాను, మా ఇంట్లో చెప్పేసినాను. వంట సంగతి నాకు వదిలేయి. ఆ గాలి పరుపు, వీల్‌చైరు, మిగిలిన డైపర్లు, మందులు నువ్వు ముట్టుకోవద్దు, నేను సర్దుతాను. పనికొచ్చేవి అవసరమైన ఇంటికి చేరుద్దాం. అత్త పూల పీట మాత్రం కదిలించను. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఫోను చెయ్యి. కొన్నాళ్ళు వస్తుంది, నీ ఒళ్ళు ఇంకా ఆ వేళకి లేస్తానే ఉంటుంది. నేను ఎత్తుతాను, మాట్లాడకపోయినా సరే.

పటానికి దండ కొనొద్దు. విడిపూలు, అరటినార తెస్తాను, మనిద్దరం గుమ్మంలో కూర్చుని కడదాం.

లలిత