రోజూ చెప్పే పాఠంలోనే మూల్యాంకనం: స్కూల్ కాంప్లెక్స్ ఒకరోజు వర్క్‌షాప్ ఎజెండా, స్లైడ్లు

శనివారం ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4:00 వరకు, మన కాంప్లెక్స్ హైస్కూల్ పదో తరగతి గదిలో. వచ్చేది 38 మంది, అందులో 22 మంది ఎస్జీటీలు, 16 మంది స్కూల్ అసిస్టెంట్లు.

తెలుగు సార్‌కి, సైన్స్ మేడంకి: ముగ్గురం పంచుకుని నడుపుతున్నాం కాబట్టి ఏ స్లైడ్‌లో ఏముంటుందో, అక్కడ మనం ఏం మాట్లాడాలో, టీచర్లతో ఏం చేయించాలో అన్నీ ఇందులోనే రాశాను. మొత్తం 14 స్లైడ్లు, అంతకు మించొద్దు. సోమవారం చెప్పబోయే పాఠానికి ఒక మంచి ప్రశ్న రాసుకోకుండా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు, ఈ రోజంతా దానికోసమే. టైమ్ సరిపోకపోతే స్లైడ్లు వదిలేద్దాం కానీ ప్రశ్న రాసే గంటంపావును మాత్రం ముట్టుకోవద్దు.

9:30–9:50 మొదటి చీటీ

జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు వద్దని హెచ్ఎం గారితో ముందే మాట్లాడాను, ఒప్పుకున్నారు. రాగానే ఒక్కొక్కరికి చిన్న చీటీ ఇస్తాం.

స్లైడ్ 1: "నిన్న మీరు చెప్పిన పాఠంలో ఎంతమంది పిల్లలకు అర్థమైంది? ఆ సంగతి మీకు ఎలా తెలిసింది?" ఇంకేమీ ఉండదు. పేరు రాయక్కర్లేదు.

అందరూ టీ తాగుతుండగా ముగ్గురం ఈ చీటీలను మూడు కుప్పలు చేయాలి. "అడిగితే అర్థమైందన్నారు" అనేవి ఒక కుప్ప, "ఎఫ్ఏ మార్కులు చూశాను" అనేవి ఇంకొకటి, పిల్లలు రాసిందో చేసిందో చూసి తెలుసుకున్నవి మూడోది. తర్వాతి సెషన్ ఎలా నడపాలో ఈ కుప్పలే చెబుతాయి. మూడోది బాగా పెద్దదైతే 3వ స్లైడ్‌ను రెండు నిమిషాల్లో దాటేసి, మిగిలిన టైమ్ 7వ స్లైడ్‌కి ఇద్దాం. అలా ఎందుకు మార్చామో టీచర్లకు పైకే చెప్పాలి, ఎందుకంటే వాళ్ల క్లాసులో వాళ్లు చేయాల్సింది కూడా సరిగ్గా ఇదే.

9:50–10:40 "అర్థమైందా?"

స్లైడ్ 2: "అర్థమైందా?" "ఆఁ సార్!"

ఈ స్లైడ్ మీద ఆగాలి. ఈ ప్రశ్న అడగని టీచర్ ఉండరు, దానికి క్లాసంతా ఒకే గొంతుతో చెప్పే జవాబు వినని వాళ్లూ ఉండరు. ఆ జవాబులో పిల్లలు అబద్ధం చెప్పడం లేదు. అర్థం కాలేదని పదిమంది ముందు చెప్పడం పిల్లలకు చాలా కష్టం, పైగా తమకు అర్థం కాలేదన్న సంగతి చాలామందికి అసలు తెలియదు. పక్కపక్కన ఉన్న ఇద్దరు రెండు నిమిషాలు మాట్లాడుకుని, "ఆఁ సార్" అన్న క్లాసే మర్నాడు ఏమీ రాయలేకపోయిన సందర్భం ఒకటి చెప్పుకోవాలి. స్టేజీ మీదికి ఎవరినీ పిలవొద్దు.

స్లైడ్ 3: ఎఫ్ఏ అంటే మార్కుల రిజిస్టరేనా?

విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 29 పిల్లల అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయమంది. అక్కడి నుంచి మన దగ్గరికి వచ్చేసరికి అది ఎఫ్ఏ–1, ఎఫ్ఏ–2 అయింది: ప్రాజెక్టు పని, రాత అంశాలు, లఘు పరీక్ష, చివరికి అప్‌లోడ్ చేయాల్సిన మార్కులు. రికార్డులు రాయడానికి పడ్డ టెన్షన్ అందరికీ గుర్తుంది. ఆ పని తప్పు అనడం మన ఉద్దేశం కాదు, అది ఎలాగూ చేయాలి. కానీ ఎఫ్ఏ పూర్తయ్యాక పాఠం తీరులో ఏదీ మారకపోతే దాని పేరు నిర్మాణాత్మకం అయినా, పని మాత్రం సంగ్రహణాత్మకమే. ఈ రెండు మాటలకు తేడాను 1967లోనే మైకేల్ స్క్రివెన్ చూపించారు. స్లైడ్ మీద ఒక్క వాక్యం చాలు: "పిల్లవాడు చూపించినదాన్ని బట్టి నా తర్వాతి పది నిమిషాలు మారితే అది నిర్మాణాత్మకం."

స్లైడ్ 4: మూడు ప్రశ్నలు. పిల్లలు ఎక్కడికి చేరాలి, ఇప్పుడు ఎక్కడున్నారు, మధ్యలో నేనేం చేయాలి. ఇక్కడ ఎక్కువసేపు వద్దు.

10:40–11:30 ప్రశ్న అడిగే తీరు

స్లైడ్ 5: ఆగండి.

అమెరికాలో మేరీ బడ్ రో క్లాసుల్ని గమనించి చూస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకనే. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు చెప్పకుండా ఉండిపోవడం తగ్గింది. ఇక్కడ సైన్స్ మేడం గదిలో ఒక ప్రశ్న వేసి నిజంగానే మౌనంగా నిలబడాలి. ఆ నిశ్శబ్దం ఎంత బరువుగా ఉంటుందో టీచర్లకు అనుభవంలోకి రావాలి, ఆ తర్వాతే మాట్లాడదాం.

స్లైడ్ 6: అందరి జవాబూ ఒకేసారి. చెయ్యెత్తే ఆ ఐదుగురితోనే పాఠం నడిచిపోతుంది, మిగతావాళ్లు కనిపించరు. ప్రైమరీలో పలకలు ఉండనే ఉన్నాయి, రాసి ఒక్కసారిగా పైకి ఎత్తించడమే. హైస్కూల్లో వేళ్లు చాలు: ఒకటి, రెండు, మూడు, "చూపించండి" అనగానే చేతిని గుండెకు ఆనించి చూపించాలి, అలా అయితే పక్కవాళ్లను చూసి మార్చుకునే వీలు తక్కువ. పేర్లు రాసిన ఐస్‌క్రీమ్ పుల్లలు ఒక డబ్బాలో వేసి తీయడం కూడా పనికొస్తుంది, కానీ తెలియదన్న పిల్లను నిలబెట్టి ఉంచకూడదు. ఇంకొకరి జవాబు విన్నాక మళ్లీ ఆ పిల్ల దగ్గరికి రావాలి.

స్లైడ్ 7: తప్పు దారిలో వెళ్తే సరైన జవాబు రాకూడదు.

రోజు మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన స్లైడ్ ఇది, 20 నిమిషాలు కావాలి. ఏడో తరగతికి దశాంశాలు చెప్పినప్పుడు నేను చాలా ఏళ్లు "0.35, 0.5, 0.412లో పెద్దది ఏది?" అని అడిగేవాణ్ణి. 0.412 అన్నవాళ్లు పొడవున్న సంఖ్యే పెద్దది అనుకుంటున్నారని తెలిసేది, 0.5 అన్నవాళ్లందరికీ వచ్చేసిందని ముందుకు వెళ్లేవాణ్ణి. ఒకరోజు 0.5 అన్న అమ్మాయిని ఎందుకని అడిగితే, "పదో వంతులు వెయ్యో వంతుల కంటే పెద్దవి కదా సార్, అంకెలు తక్కువ ఉంటే పెద్దది" అంది. జవాబు సరైనదే, ఆలోచన తప్పు. ఆ ఆలోచనతో ఇంకెంతమంది ముందుకు వెళ్లిపోయి ఉంటారోనన్న బాధ నాకు ఇంకా ఉంది.

స్లైడ్ మీద పాత ప్రశ్న, దాని కింద మార్చిన ప్రశ్న: "0.4, 0.62, 0.518లో పెద్దది ఏది?" పొడవున్నదే పెద్దది అనుకుంటే 0.518 అంటారు, పొట్టిదే పెద్దది అనుకుంటే 0.4 అంటారు, స్థానవిలువ తెలిసినవాళ్లే 0.62 అంటారు. ఏ వేలు ఎందుకు లేచిందో టీచర్‌కి వెంటనే తెలిసిపోతుంది.

తెలుగుకు సార్ ఉదాహరణ: "గుణసంధి ఏది? 1. రామాలయం 2. మహేంద్రుడు 3. ఏకైక 4. అత్యంత." మూడో వేలు చూపినవాళ్లు వృద్ధిసంధితో కలిపేసుకున్నారు, ఒకటో వేలు చూపినవాళ్లకు సవర్ణదీర్ఘం దగ్గరే సందేహం ఉంది. ఈ రెండు గుంపులకూ చెప్పాల్సింది వేరువేరు. సైన్స్‌కి: "ఎండిన కట్టెలో ఉన్న పదార్థం చాలావరకు ఎక్కడి నుంచి వచ్చింది? 1. నేలలోని ఎరువు 2. గాలి, నీరు 3. సూర్యకాంతి." కిరణజన్య సంయోగక్రియ సమీకరణం అప్పజెప్పే పిల్లలు కూడా ఒకటి చూపిస్తారు, చూడండి.

స్లైడ్ 8: వేళ్లు చూశాక ఏం చేయాలి?

దాదాపు అందరూ సరిగ్గా చూపితే ముందుకు వెళ్లి, మిగిలిన ముగ్గురు నలుగురితో తర్వాత కూర్చోవడం. సగం మందే చూపితే సరైనది ఏదో చెప్పకుండా, వేరే జవాబు చూపించిన పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమని చెప్పి మళ్లీ చూపించమనడం. చాలా తక్కువ మందే చూపితే మళ్లీ చెప్పడం, కానీ అదే మాటలను ఇంకొంచెం గట్టిగా కాదు, వేరే దారిలో. ఇక్కడ తప్పకుండా వచ్చే ప్రశ్న "సిలబస్ ఎలా పూర్తవుతుంది సార్?" దాన్ని దాటవేయొద్దు. ప్రశ్నకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, నిజమే. అది అర్థం కాకుండా తర్వాతి యూనిట్‌కి వెళ్తే అక్కడ పోయేవి పీరియడ్లు.

11:30 టీ

11:45–1:00 ప్రశ్న రాయడం

స్లైడ్ 9 ఈ గంటంపావూ తెర మీదే ఉంటుంది: "సోమవారం పాఠం ఏది? అందులో పిల్లలు ఎక్కడ తప్పు పడతారు? ఆ తప్పును పట్టుకునే ప్రశ్న రాయండి." సబ్జెక్టు వారీగా నలుగురేసి కూర్చుంటారు, పాఠ్యపుస్తకం తెచ్చుకోవాలని ముందే మెసేజ్ పెట్టాను. మొదట తప్పులు రాయాలి, తర్వాతే ప్రశ్న. ఒకటో తరగతి టీచర్లకు రాత ప్రశ్న అక్కర్లేదు, గింజలు లెక్కపెట్టించడం, "కమల" అనే పదంలో చివరి అక్షరం చూపించమనడం సరిపోతాయి. పన్నెండున్నరకు గ్రూపులు కాగితాలు మార్చుకుని, తప్పుగా ఆలోచించే పిల్లవాడిలా ఆ ప్రశ్నకు జవాబు రాయాలి. తప్పుడు ఆలోచనతో సరైన జవాబు వచ్చేస్తే కాగితం వెనక్కి. మనం తిరుగుతూ చూడాలే తప్ప ప్రశ్నలు రాసిపెట్టకూడదు.

1:00–1:45 భోజనం (హైస్కూల్ వంటగదిలోనే, గుడ్డుతో.)

1:45–2:40 నోటుపుస్తకంలో ఎర్ర సిరా

స్లైడ్ 10: ఒక పేజీ ఫోటో. పేరు కనిపించకుండా తీసింది, కింద టిక్కు, "గుడ్", 7/10. ఈ పిల్లకు రేపు ఏం చేయాలో తెలిసిందా?

స్లైడ్ 11: 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ పిల్లలతో చేసిన అధ్యయనం. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు. మార్కుతో పాటు వ్యాఖ్య కూడా అందుకున్నవాళ్లకు ఆ మేలు దక్కలేదు, పిల్లలు మార్కునే చూసుకున్నారు. ఎఫ్ఏ మార్కులు వేయాల్సిన చోట వేయండి, రోజువారీ పనిలో మాత్రం అంకె లేకుండా ఒక్క వాక్యం రాయండి.

స్లైడ్ 12: "బాగా చదవాలి" బదులు "మూడో లెక్కలో హారాలు కూడా కలిపావు. 1/2 + 1/2 ఎంతో బొమ్మ గీసి చూసి, మళ్లీ చెయ్యి." ప్రతి ఒక్కరికీ ఒక నోటుపుస్తకం ఇచ్చి రెండు వాక్యాలు రాయిద్దాం. 45 మంది ఉన్న క్లాసులో రోజూ అందరికీ రాయడం అయ్యే పని కాదు, రోజుకు ఎనిమిది మంది చొప్పున తిప్పుకోమందాం.

2:40–3:30 ఐదు నిమిషాల పాఠం

స్లైడ్ 13 మీద టైమర్ మాత్రమే. పిలిచిన గ్రూపు నుంచి ఒకరు లేచి తమ ప్రశ్నతో ఐదు నిమిషాలు పాఠం నడపాలి, మిగతావాళ్లు పిల్లలు. మూడు గ్రూపులకే టైమ్ సరిపోతుంది, అందులో ఒకటి తప్పకుండా ప్రైమరీ కావాలి. ఒకరి పాఠాన్ని విమర్శించమని అడగొద్దు. "వేళ్లు చూశాక ఆ టీచర్ ఏం చేశారు?" అన్న ఒక్క ప్రశ్న మీదే మాట్లాడదాం.

3:30–4:00 చివరి చీటీ

స్లైడ్ 14: "సోమవారం ఏ పీరియడ్‌లో, ఏ ప్రశ్న? ఇంకా ఏది అర్థం కాలేదు?" ఇది రాశాకే అటెండెన్స్ సంతకం. వచ్చే కాంప్లెక్స్ మీటింగ్‌కి ఆ ప్రశ్న, దానికి పిల్లలు చూపిన జవాబుల లెక్క తీసుకురమ్మందాం, రిపోర్టు ఏమీ రాయక్కర్లేదు.

కావాల్సినవి: చీటీలు 80, పలకలు 10, ఐస్‌క్రీమ్ పుల్లలు, స్కెచ్ పెన్నులు, ప్రొజెక్టర్. కరెంటు పోతే 7, 8, 9 స్లైడ్లను నేను చార్టుల మీద రాసి ఉంచుతాను. నాలుగింటికి అందరూ వెళ్లాక ముగ్గురం స్టాఫ్ రూమ్‌లో అరగంట కూర్చుని చివరి చీటీలు చదువుదాం, "అర్థం కాలేదు" అన్నవాటికి ఆదివారం రాత్రిలోపు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాలి.