పదును

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. కోటయ్య నాలుగుంబావుకే సైకిలు బయటికి తీశాడు. హ్యాండిల్‌కి సున్నం డబ్బా, క్యారేజీ మీద గోనెసంచి. సంచిలో తాపీ, కొడవలి, పురికొస ఉండ. నరసరావుపేట ఇంకా దుప్పటి తియ్యలేదు. భోగి మంటల బూడిద వీధి మొగల్లో అట్టాగే ఉంది. మలుపులో ఆగి కోటప్పకొండ వైపు తిరిగి చెయ్యెత్తి దణ్ణం పెట్టుకున్నాడు. మంచుకి కొండ కనపడలేదు. కనపడకపోయినా ఎటుందో తెలుసు.

కాలేజీ గ్రౌండ్‌లో తొమ్మిదింటికి ఫైనల్. సత్తెనపల్లి జట్టుతో. సంక్రాంతి టోర్నమెంటు ఏటా ఉండేదే గానీ, ఈసారి ఊరికి పూనకం వచ్చినట్టుంది. మెల్‌బోర్న్‌లో నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టి మూడు వారాలు కాలేదు. వైజాగ్ కుర్రాడు ఆస్ట్రేలియాలో సెంచరీ కొట్టాడంటే, పేటలో బ్యాటు పట్టిన ప్రతి పిల్లాడూ తనే కొట్టినట్టు తిరుగుతున్నాడు. నిన్న సాయంత్రానికే షామియానాలు లేచాయి, కుర్చీలు దిగాయి. మైకు వాళ్ళు రెండుసార్లు పరీక్ష చేసుకున్నారు.

పిచ్‌ని పరీక్ష చేసేది కోటయ్య ఒక్కడే.

బరకం నాలుగు మూలలా పెట్టిన రాళ్ళు తీశాడు. టార్చి వెలుతురులో బరకం మీద మంచు నీళ్ళు మడుగులు కట్టి కనిపించాయి. ఆ నీళ్ళు పిచ్ మీద ఒలకకుండా బరకాన్ని ఒక పక్కనుంచి చాపలా చుట్టుకుంటూ వెళ్ళాడు. సగం దూరం వెళ్ళాక చెయ్యి ఆగింది. బరకానికి చిరుగు. ఆ పక్కనే ఇంకొకటి.

టార్చి కిందికి దించాడు.

గిట్ట. రెండు చీలికలుగా, చక్కగా అచ్చు గుద్దినట్టు దిగింది. రెండించీల లోతు. చెరువు వైపు స్టంపుల నుంచి ఏడు అంగల దూరంలో, నడిమి స్టంపుకి సూటిగా. రెండో గిట్ట పిచ్ అంచు మీద పడింది, దానితో బాధ లేదు. పండగని కట్లు విప్పిన ఏ కోడెదూడో పడిపోయిన గోడ సందులోంచి వచ్చి, బరకం మీద నడిచి, తన దారిన తను పోయింది. దాని మెడలోంచి రాలిన బంతిపూలు రెండు బరకం మీదే ఉన్నాయి.

కోటయ్య గొంతుక్కూర్చున్నాడు. దూడని తిట్టబుద్ధి కాలేదు. నిన్న నీళ్ళు చల్లింది తను. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది. మధ్యాహ్నం నెర్రెలు చూసి భయపడి, పొద్దుగూకే ముందు తేలిగ్గా తడిపి, రోలరు లాగించి, బరకం కప్పాడు. ఆ తడి లేకపోతే గిట్ట గీత కూడా పడేది కాదు.

పిచ్ చెయ్యడం వ్యవసాయమే అంటాడు కోటయ్య. నాన్న పత్తి చేలో నేర్పిన మాట ఒక్కటే, పదును. మట్టిని పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి, చెయ్యి విప్పితే అరచేతికి అంటకూడదు. నాన్న ఆ పదునులో విత్తనం వేసేవాడు. తను రోలరు వేస్తాడు. కొబ్బరిపీచు మ్యాటు పరిచి మేకులు కొట్టే రోజుల నుంచి ఈ గ్రౌండ్‌లో ఉన్నాడు. మ్యాటు తీసేసి మట్టి పిచ్ వేద్దామన్నప్పుడు, రెండు బండ్ల చెరువు మట్టి తోలించి, జల్లెడ పట్టి, రాయి అన్నది లేకుండా ఏరింది తనూ తన భార్యా. ఆమె పోయి ఆరేళ్ళు. రాయి ఉందేమో చూడడానికి ఆమె మట్టిని పెదవుల మధ్య పెట్టి చూసేది. వేలికి తెలియని ఇసుక పలుకు పెదవికి తెలుస్తుందనేది.

తాపీ తీశాడు. గిట్ట చుట్టూ జానెడు చదరం గీసి, అంచులు నిటారుగా కోశాడు. నలిగిన మట్టి అంతా ఎత్తి పారేశాడు. గుంట అడుగు తాపీ మొనతో గరుకు చేశాడు, నున్నగా ఉంటే కొత్త మట్టి పట్టదు. షెడ్డులో కుండ ఉంది, అదే చెరువు మట్టి, నిరుడు జల్లించి దాచింది. పిడికెడు తీసి నాలుగు చుక్కలు చిలకరించి నలిపాడు. నొక్కి చూశాడు. ఇంకో రెండు చుక్కలు. ఉండ కట్టింది, అరచెయ్యి శుభ్రంగా ఉంది. అప్పుడు అరంగుళం మందాన వేసి, దిమ్మిసతో కొట్టాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ కొట్టాడు. నాలుగు వరసలు. పైన గోనెపట్టా పరిచి దాని మీద నిలబడ్డాడు, తడి లాగుతుందని.

తూర్పు తెల్లబడేసరికి ఎక్కడ కోశాడో తనకే వెతుక్కోవాల్సి వచ్చింది. అంత బాగా కుదిరింది.

అప్పుడు వేలి కణుపుతో తట్టాడు. పక్కన పాత మట్టి మీద, ఠక్. కొత్త చదరం మీద, దబ్.

మళ్ళీ తట్టాడు. దబ్.

ఆ చప్పుడు తెలుసు కోటయ్యకి. ఇరవయ్యేడేళ్ళ కిందట విన్నాడు. అప్పుడు పందికొక్కు బొక్క. పొద్దున్నే చూసుకుని, మట్టి కూరి, రోలరు ఎక్కించి, పైన సున్నపు గీత గీసి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆట ఆగుతుంది, ఆట ఆగితే నీకు జీతమెందుకంటారు. మధ్యాహ్నానికి ఆ మట్టి కుంగి, అంచు పైకి తేలింది. బంతి ఆ అంచుకి తగిలి లేచింది. పేటలో ఆడే పిల్లలకి హెల్మెట్లు లేని కాలం. పదిహేడేళ్ళ పిల్లాడు, జిల్లా జట్టుకి ఎంపికై వారం కాలేదు. ఎడమ కంటి కింద ఎముక విరిగింది. గుంటూరు తీసుకుపోయారు. కన్ను దక్కింది గానీ, వాడు మళ్ళీ బ్యాటు పట్టలేదు. దురదృష్టం అన్నారందరూ. కోటయ్య కూడా అందరితో పాటు అట్టాగే అన్నాడు.

"ఏం మావా, పండగ పూట కూడా ఇక్కడే పడుకున్నావా?"

తలెత్తాడు. శ్రీను. తెల్ల చొక్కా, మెడకి మఫ్లరు. బ్యాంకులో పని. ఫైనల్‌కి అంపైరు. నవ్వితే ఎడమ చెంప మీద ఇప్పటికీ చిన్న సొట్ట పడుతుంది. ఏళ్ళ తరబడి ఆ సొట్ట చూడకుండా శ్రీనుతో మాట్లాడడం అలవాటు చేసుకున్నాడు కోటయ్య. ఇవాళ చూశాడు.

"ఇంత పొద్దున్నే వచ్చావేందిరా?"

"నిద్ర పట్టలా. పిచ్ చూసి పోదామని." శ్రీను చెప్పులు విడిచి పిచ్ మీదికి వచ్చాడు. వంగి బొటనవేలితో అక్కడా ఇక్కడా నొక్కాడు. జేబులోంచి తాళంచెవి తీసి మొన గుచ్చి చూశాడు, దిగలేదు. "బ్రహ్మాండం మావా. రాయిలాగుంది."

కొత్త చదరం దాటి వెళ్ళిపోయాడు. కనపడలేదు. కోటయ్య ఊరుకుంటే అక్కడితో అయిపోయేది.

"అబ్బాయ్. ఇట్రా. ఇక్కడ తట్టు."

శ్రీను తట్టాడు. పక్కన తట్టాడు. మళ్ళీ ఇక్కడ తట్టాడు. మొహంలో నవ్వు పోయింది.

"దూడ తొక్కింది. పూడ్చా. పైకి బాగానే ఉంటది. పది ఓవర్లు, పదిహేను ఓవర్లు ఆగుద్ది. ఆ తర్వాత చెప్పలేను." కోటయ్య గొంతు బిగుసుకుంది. గోనెపట్టా మడత పెడుతూ అన్నాడు. "నీకప్పుడు... ఆ బంతి లేచిన చోటు కూడా ఇట్టాగే పూడ్చిందే. పందికొక్కు బొక్క. నాకు తెలుసు. తెలిసీ చెప్పలా."

కోయిల కూయాల్సిన వేళ కాదు, కాకులు కూడా లేవలేదు. దూరంగా హరిదాసు చిడతలు ఎవరి వాకిట్లోనో మోగి ఆగిపోయాయి.

శ్రీను చాలాసేపు ఆ చదరం వంకే చూశాడు. చేత్తో చెంప తడుముకున్నాడు, తనకి తెలియకుండానే.

"అది పిచ్ తప్పు కాదు మావా," అన్నాడు చివరికి. "పుల్ కొడదామని ముందే తల తిప్పేశా. బంతి చూడలా. మా నాన్న అడిగితే పిచ్ ఎగిరిందని చెప్పా. నువ్వెందుకు మోస్తున్నావ్ అదంతా?"

కోటయ్య మాట్లాడలేదు. ఆ రోజు తను వేపచెట్టు కింద మ్యాట్ల కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఓవరంతా ఆ గుంట వంకే కళ్ళప్పగించి చూస్తూ ఉన్నాడు. పిల్లాడు తల తిప్పలేదు. ముందుకాలు వేసి, బంతి మీదికి వంగి, చివరిదాకా చూస్తూనే ఉన్నాడు. అంత బాగా ఆడబోయిన బంతి అది.

"సరేలే," అన్నాడు.

"ఇప్పుడేం చేద్దాం? ఆట ఆపమంటే కమిటీ వాళ్ళు మనల్ని కోసి ఉప్పేస్తారు. తొమ్మిదింటికి అతిథులు వస్తున్నారు."

"ఆపక్కర్లా." కోటయ్య లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "వెడల్పు పదడుగులే కావాలి గదా. నేనెప్పుడూ పధ్నాలుగు దాకా రోలరు వేస్తా. స్టంపులు తూర్పుకి మూడడుగులు జరుపుదాం. ఈ గుంట లెగ్గు పక్కకి పోద్ది. అక్కడ పడితే నువ్వు వైడ్ ఇస్తావ్."

శ్రీను కొత్త గీత ఎక్కడ వస్తుందో కంటితో కొలిచాడు. పిచ్ తూర్పు అంచున గరిక కొంచెం మందంగా ఉంది. "అటు గడ్డి?"

"కొడవలి తెచ్చా. కుర్రాళ్ళు ఆరింటికి వస్తారు. రెండు గంటలు రోలరు లాగితే చాలు."

"ఇద్దరు కెప్టెన్లకీ చెప్పాలి."

"నేనే చెప్తా."

శ్రీను మఫ్లరు విప్పి స్టంపుల సంచి మీద పడేశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, అప్పుడే మోచేతి దగ్గర మట్టి అంటింది.

కోటయ్య పురికొస ఉండ విప్పి ఒక కొస అతని చేతికిచ్చాడు. "చెరువు వైపు పో. నడిమి స్టంపు రంధ్రం నుంచి మూడడుగులు. టేపు పెట్టి కొలువు, అడుగులేసి కాదు."

శ్రీను మంచులోకి నడిచాడు. ఇరవై రెండు గజాల అవతల మనిషి సగమే కనిపిస్తున్నాడు. కొస మాత్రం కోటయ్య చేతిలో కదులుతోంది.

"బిగించనా మావా?"

"బిగించు. ఇంకొంచెం. వదులుంటే గీత వంకర పోద్ది."

పురికొస నేల మీదనుంచి లేచి వణికింది. దాని మీద పట్టిన మంచు బొట్లు వరసగా రాలాయి. కోటయ్య వంగి, సున్నంలో ముంచిన బ్రష్షు ఆన్చాడు.