ఇరవై ఏళ్లు సిగరెట్ తాగి మానేసినవాడి మాట

అందరికీ నమస్కారం. జీఎం గారికి, డాక్టర్ గారికి, యూనియన్ పెద్దలకి, క్యాంటీన్ అమ్మలకి, కాంట్రాక్ట్ తమ్ముళ్లకి. ఎండలో నిలబడ్డవాళ్లు షామియానా కిందకి రండి, చోటుంది. మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు, పంప్ హౌస్‌లో అరిచే మాట్లాడతాం కాబట్టి కొంచెం గట్టిగా వినబడితే సర్దుకోండి.

నేను ఇరవై ఏళ్లు సిగరెట్ తాగాను. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరిన ఏడు మొదలైంది. చివరికొచ్చేసరికి రోజుకి పెద్ద పెట్టె ఒకటి, అంటే ఇరవై. రాత్రి సి షిఫ్ట్ పడితే ఇంకా ఎక్కువే. సిగరెట్టు పదిహేను రూపాయలు వేసుకున్నా రోజుకి మూడొందలు, నెలకి తొమ్మిది వేలు, ఏడాదికి లక్ష దాటుతుంది. పీఎఫ్ లోను కోసం సంతకాలు పెట్టించుకుంటూ తిరిగే మనం ఈ లెక్క ఎందుకు వెయ్యమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లెక్క చెప్పి మాన్పించడానికి మాత్రం నేను రాలేదు. లెక్కతోనూ, భయంతోనూ ఎవడూ మానడు. భయపడేవాడినైతే మా ఇంట్లోనే భయపడాలి. మా మామ్మది భీమిలి పక్క ఊరు. ఆవిడ అడ్డపొగ తాగేది. ఈ కాలం పిల్లలకి తెలీదేమో, చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటారు. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లకి అది మామూలు సంగతి. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, గాలికి నిప్పారకుండా, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని తాగుతూ నడిచేది. అంగిలంతా తెల్లగా మాడిపోయి ఉండేది. ఆ వేడికి అంగిట్లోనే క్యాన్సర్ పుడుతుందని తర్వాత డాక్టర్లు చెప్పారు. ఆ నోరు చూస్తూ పెరిగినవాడిని నేను. అయినా తాగాను. కాబట్టి పెట్టె మీద పుండు బొమ్మ చూసి కుర్రాళ్లు మానేస్తారని ఎవరైనా అంటే నాకు నమ్మకం కుదరదు.

పైగా మనవాళ్లు పెట్టె కొంటారా ఏంటి? 2016 నుంచి పెట్టెకి రెండు వైపులా 85 శాతం ఆ బొమ్మే ఉండాలి. మంచిదే. కానీ కిళ్లీ కొట్టు దగ్గర మనం కొనేది లూజు. ఒకటి తీసి ఇస్తాడు, వేలాడదీసిన లైటరుతో అక్కడే ముట్టిస్తాం. బొమ్మ కొట్టువాడి దగ్గరే ఉంటుంది. అదే పెట్టె మీద మానేయడానికి సాయం చేసే ఫోన్ నంబరు కూడా అచ్చు వేస్తారు. లూజు తాగేవాడికి అదీ కనబడదు. అందుకే ఇక్కడ చెప్తున్నా, ఫోన్లు తీసి కొట్టుకోండి: 1800-11-2356. డబ్బులు పడవు. తిట్టరు, నీతులు చెప్పరు. ఎప్పుడు మానదలుచుకున్నావు, ఏ పూట ఎక్కువ లాగుతుంది అని అడుగుతారు, మళ్లీ వాళ్లే ఫోన్ చేస్తారు.

నన్ను ఇన్నేళ్లు సిగరెట్ దగ్గర కట్టిపడేసింది ఒక మాట. "మనసు గట్టి చేసుకో, అదే పోతుంది." ఇంట్లో అన్నారు, గుడి దగ్గర అన్నారు, మన షిఫ్ట్ ఇన్‌ఛార్జులూ అన్నారు. ఆ మాట పట్టుకుని చాలాసార్లు మానేశాను. రెండు రోజులు, మూడు రోజులు. మళ్లీ ముట్టించగానే నా మీద నాకే అసహ్యం. మనసు గట్టిది కాదన్నమాట, ఇంక నావల్ల కాదు అని ఇంకో రెండు ఎక్కువ తాగేవాడిని. పంపు గ్లాండ్ కారుతుంటే మనం మనసు గట్టి చేసుకుని దాని ముందు కూర్చుంటామా? ప్యాకింగ్ తీసి కొత్తది వేస్తాం. దీనికీ సామాను ఉంది, పద్ధతి ఉంది. నాకు ఆ సంగతి చెప్పింది మన డిస్పెన్సరీ డాక్టర్ గారు. ఏటా చేసే మెడికల్‌లో గొట్టంలోకి ఊదే పరీక్ష ఉంటుంది కదా. టెక్నీషియన్ "గట్టిగా ఊదండి సార్, ఇంకా, ఇంకా" అంటున్నాడు. నేను గట్టిగానే ఊదుతున్నాను. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. డాక్టర్ గారు నవ్వలేదు. "పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది ముట్టిస్తారు?" అని అడిగారు. మంచం దిగకముందే అన్నాను. అరగంట లోపు కావాల్సివస్తే ఒంట్లో నికోటిన్ బాగా పట్టేసిందని లెక్క అని చెప్పి, ఉత్త చేతులతో మానొద్దు, గమ్ వాడండి అన్నారు.

ఈ గమ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఒకటి నమిలి "ఛీ, పనికిరాదు" అని పడేస్తారు. మందుల షాపులో 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా ఇస్తారు. 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి. ఇది బబుల్‌గమ్ కాదు. మెల్లగా నమిలితే మిరియం కొరికినట్టు నోరు చురుక్కుమంటుంది. అక్కడ ఆపాలి. బుగ్గకీ చిగురుకీ మధ్య దోపి ఉంచాలి. ఆ మంట తగ్గాక మళ్లీ నమలాలి, మళ్లీ రెండో బుగ్గలో దోపాలి. ఇలా అరగంట. గబగబా నమిలి ఉమ్ము మింగేస్తే ఎక్కిళ్లు, కడుపులో మంట, ఒంట్లోకి ఎక్కేది మాత్రం తక్కువ. టీ తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు, పుల్లటి మజ్జిగ తాగినా అంతే, పని చేయదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్న అమ్మాయిలు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. గమ్‌తో సరిపడకపోతే మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టర్ గారు చూసి రాయాల్సినవి.

మొదటి మూడు రోజులు నరకం. అబద్ధం ఆడను. చెయ్యి ఊరికే చొక్కా జేబు మీదకి పోతుంది. చిన్న మాటకి కోపం. అందుకే ముందే ఇంట్లో చెప్పాను, ఇన్‌ఛార్జ్‌కీ చెప్పాను: ఈ వారం నేనేమైనా అంటే మనసులో పెట్టుకోకండి అని. షట్‌డౌన్ పనులు పడ్డ నెలలో మానాలని చూడకండి, రోజు చూసుకుని పెట్టుకోండి. లాగినప్పుడు అది అయిదు పది నిమిషాలే ఉంటుంది. తాగినా తాగకపోయినా పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని ముట్టించానో.

ఇంక మగవాళ్లందరికీ తెలిసి, ఎవరూ మైకులో చెప్పని విషయం. పొద్దున్నే సిగరెట్ లేకపోతే లోపలికెళ్లినా పని కాదు. నవ్వకండి, సగం మంది మళ్లీ మొదలుపెట్టేది అందుకే! నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది. మానేసిన కొన్ని వారాలు మలబద్ధకం నిజంగానే ఉంటుంది, అది మీ భ్రమ కాదు. లేవగానే గోరువెచ్చని నీళ్లు, రాత్రి రెండు అరటిపళ్లు, పొద్దున చోడి అంబలి. నాకు నెల తిరిగేసరికి సర్దుకుంది.

తర్వాత టీ. గేటు బయట టీ కొట్టు, కిళ్లీ కొట్టు పక్కపక్కనే ఉంటాయి. గ్లాసు ఒక చేతిలో ఉంటే రెండో చెయ్యి ఊరుకోదు. నేను రెండు నెలలు గేటు బయట టీ మానేసి క్యాంటీన్‌లోనే తాగాను. అందులో ఇంకో మతలబు ఉంది, ఇది డాక్టర్ గారు చెప్తేనే తెలిసింది: పొగతాగేవాళ్ల ఒంట్లో టీ కాఫీల్లోని కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. మానేశాక అదే నాలుగు గ్లాసులు తాగితే కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు. మనం అదంతా సిగరెట్ మానడం వల్లే అనుకుని మళ్లీ ముట్టిస్తాం. టీ సగానికి తగ్గించండి, చాలా తేడా కనబడుతుంది.

ఇంకో చిత్రం, మానేశాక నాకు దగ్గు పెరిగింది. మెయింటెనెన్స్ షెడ్‌లో అందరూ "చూశావా బాబాయ్, మానేస్తే జబ్బొచ్చింది" అన్నారు. ఊపిరి గొట్టాల్లో కఫాన్ని పైకి తోసే సన్నటి నూగు పొగకి మూర్ఛపోయి ఉంటుంది. అది మళ్లీ లేచి పని మొదలుపెడితే దగ్గు వస్తుంది. కొన్ని వారాల్లో పోయింది. ఎక్కువ రోజులున్నా, రక్తం పడినా డాక్టర్‌కి చూపించాలి, అది వేరే సంగతి. బరువు కూడా మూడు నాలుగు కిలోలు పెరిగాను. ఈ పొట్ట అప్పటిదే, దీని గురించి వచ్చే ఏడు మాట్లాడతాను.

సిగరెట్ మానేసి ఖైనీ, గుట్కా పట్టినవాళ్లు మనలో ఉన్నారు. పొగ లేదు కదా అంటారు. పొగాకు అదే, నోరు కూడా అదే. ఈ-సిగరెట్ ఏదో తెప్పిస్తానని ఆమధ్య ఒక కుర్రాడు అన్నాడు. మన దేశంలో వాటి అమ్మకం 2019 నుంచే నిషేధం. డబ్బులు పోగొట్టుకోకు నాయనా.

మానేసినవాడితో కలిసి పనిచేసేవాళ్లకి ఒక ముక్క. "ఒక్కటే కదా, నా కోసం తాగు" అనకండి. ముఖ్యంగా పెళ్లిళ్లలో, మందు పార్టీల్లో. ఆ ఒక్కటితోనే నేను చాలాసార్లు పాత పెట్టెకి చేరాను. ఎవరైనా జారిపోయి మళ్లీ ముట్టిస్తే ఎగతాళి చేయకండి. ఎక్కడ జారిందో అడగండి. టీ దగ్గరా, సి షిఫ్ట్‌లో తెల్లవారుజామునా, ఇంట్లో గొడవ అయినప్పుడా? అది తెలిస్తే రెండోసారి అక్కడ కాపలా పెట్టుకోవచ్చు.

మానేసిన ఏడాదికి గుండెపోటు ముప్పు, తాగేవాళ్లతో పోలిస్తే, దాదాపు సగానికి పడిపోతుంది. పదేళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు కూడా సగం అవుతుంది. వయసైపోయింది, ఇప్పుడు మానితే ఏం లాభం అనే పెద్దవాళ్లకి ఈ మాట. నా వరకు, కూలింగ్ టవర్ నిచ్చెన మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. మా ఆవిడ పులుసులో ఉప్పెక్కువ వేస్తుందని కూడా ఇన్నేళ్లకి తెలిసింది, ఆవిడ ఇక్కడ లేదు కాబట్టి చెప్తున్నా.

జీఎం గారికి ఒక విన్నపం సార్. హెల్మెట్, గ్లవ్స్ ఇస్తున్నారు. డిస్పెన్సరీలో గమ్ కూడా ఉంచండి, కాంట్రాక్ట్ వాళ్లకీ ఇవ్వండి. వాళ్ల రోజు కూలీలో అది కొనడం కష్టం. 2008 అక్టోబర్ 2 నుంచి పనిచేసేచోట పొగతాగడం నిషేధమే, రెండొందల దాకా జరిమానా ఉంది. జరిమానా వెయ్యండి, కాదనను. దాంతోపాటు గమ్ ఇవ్వండి.

డాక్టర్ గారు ఇవాళ సాయంత్రం నాలుగింటి దాకా ఆ నీలం టెంటులో ఉంటారు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చూపించే మీటరు తెచ్చారు, ఊదితే అంకె వస్తుంది. పేరు రాయించుకోవక్కర్లేదు. డాక్టర్ అంటే మొహమాటపడేవాళ్లు నా దగ్గరకి రండి. ఈ వారం ఎ షిఫ్ట్, వచ్చే వారం బి, పంప్ హౌస్‌లో ఉంటాను. కొంచెం గట్టిగా పిలవండి, అక్కడ చప్పుడెక్కువ.