కొత్త ఉద్యోగం విలువ నిర్ధారణ సారాంశం: ముడి జీడిపిక్కల కొనుగోలు, నాణ్యత అధికారి

సమర్పణ: డైరెక్టర్ల బోర్డుకు
సమర్పించినవారు: జీతాల ఉపసంఘం, రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా
సిఫారసు: 5వ గ్రేడు (నెలకు రూ. 24,000 నుంచి రూ. 33,500 వరకు), ఆరంభ జీతం రూ. 24,000

ఇంతవరకు ముడి జీడిపిక్కల కొనుగోలును గోదాము అధికారి చూసుకునేవారు, నాణ్యత పరీక్ష మాత్రం సరుకు కాశీనగర్ చేరాక జరిగేది. పరీక్ష పూర్తయ్యేసరికి రైతుకు డబ్బు చెల్లించేసి ఉండేవాళ్లం కనుక, తేమ ఎక్కువైనా, పప్పు తక్కువైనా ఆ నష్టం కంపెనీదే అయ్యేది. వచ్చే సీజను నుంచి కొనుగోలు కేంద్రంలోనే కోత పరీక్ష చేసి, దాని ప్రకారం ధర కట్టాలని బోర్డు తీర్మానించింది. ఈ ఉద్యోగం ఆ తీర్మానం నుంచి పుట్టింది.

ఈ అధికారి ఉత్పత్తి మేనేజరు కింద పనిచేస్తారు. గుమ్మ, సెరంగో, గుణుపురం కేంద్రాలతో పాటు సరిహద్దుకు అవతల మందసలో కొనే సరుకు కూడా వీరి బాధ్యతే. బస్తాల నుంచి నమూనా తీయించడం, పిక్కలు కోయించి పప్పు దిగుబడి లెక్కకట్టడం, బోర్డు నిర్ణయించిన ధరల శ్రేణిలో ఆ లాటుకు తగిన ధర చెప్పడం, తీసుకోదగని సరుకును తిప్పి పంపడం, ఇద్దరు తూకందార్ల పని చూడటం ముఖ్య విధులు.

విలువ కట్టడానికి బోర్డు ఇదివరకే ఆమోదించిన అయిదు అంశాల పద్ధతినే, మొత్తం 500 మార్కులకు, వాడాం. ఈ ఉద్యోగం కోసం ఏ అంశం బరువునూ మార్చలేదు. ఇందులో కొంత పనిని ప్రస్తుతం ఒక ఉద్యోగి తాత్కాలికంగా చేస్తున్నారని సభ్యులందరికీ తెలుసు. అయినా వారి చదువును, సర్వీసును, ఇప్పటి జీతాన్ని చర్చకు రానివ్వలేదు, ఎందుకంటే ఇక్కడ తూచినది పనిని, ఆ పని చేసే మనిషిని కాదు.

జ్ఞానం, నైపుణ్యం అనే అంశంలో 150కి 105 మార్కులు ఇచ్చాం. కిలో పిక్కలు కోసి, మంచి పప్పును, మచ్చపడినదాన్ని, పాలుపోసుకోనిదాన్ని, కుళ్లినదాన్ని విడివిడిగా తూచి, 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందో చెప్పగలగాలి. కిలోకు 272 గ్రాముల వాడదగిన పప్పు వస్తే బస్తాకు సుమారు 48 పౌండ్లు అవుతుంది. ఈ లెక్క నేర్చుకోవడం కష్టం కాదు, కానీ నమూనా నిజాయితీగా లాటు మొత్తానికీ అద్దం పట్టేలా తీయడం అనుభవంతోనే వస్తుంది. దీనితోపాటు రైతు దగ్గర తొక్క తీయని పిక్కలు కొన్నప్పుడు జీఎస్టీని కొనుగోలుదారే కట్టాలన్న నియమం, మందస సరుకు రాష్ట్రం దాటుతున్నప్పుడు కావలసిన ఈ-వే బిల్లు వంటి విషయాలు తెలియాలి. డిగ్రీ తప్పనిసరి కాదు కనుక పై స్థాయి ఇవ్వలేదు.

బాధ్యతకు 150లో 100. ఒక తప్పు అంచనా ఎంత పోగొడుతుందో చూస్తే ఈ అంశం బరువు తెలుస్తుంది. పది టన్నుల లాటు అంటే 125 బస్తాలు. బస్తాకు ఒక్క పౌండు ఎక్కువ అంచనా వేసి ధర చెబితే, 125 పౌండ్లు, అంటే దాదాపు 57 కిలోల పప్పుకు లేని విలువ చెల్లించినట్టు. తక్కువ అంచనా వేస్తే అంతే విలువ రైతు కోల్పోతాడు, ఆ రైతే మన వాటాదారు కూడా. అయితే ధరల శ్రేణి బోర్డు చేతిలో ఉంది, పది టన్నులు దాటిన లాటుకు ఉత్పత్తి మేనేజరు సంతకం కావాలి. అందువల్ల పూర్తి మార్కులకు కారణం కనబడలేదు.

సంబంధాలు, భాష అనే అంశం దగ్గర ఉపసంఘంలో గట్టి వాదన జరిగింది. 80కి 60 ఇవ్వాలని చివరికి తేలింది. ఈ సరిహద్దు ప్రాంతంలో తెలుగు, ఒడియా రెండూ అందరూ మాట్లాడేవే కనుక భాషకు ప్రత్యేకంగా విలువ ఎందుకని ఒక సభ్యుడు అడిగారు. సందేహం సహజమే. కానీ కొండ గ్రామాల్లో సవర తప్ప మరో భాషలో బేరం మాట్లాడలేని రైతులున్నారు, వారికి సరుకు ఎందుకు తక్కువ దిగుబడి చూపిందో వారి ఎదుటే, వారి భాషలో విడమరచి చెప్పడం ఈ పనిలో భాగం. ఆ నేర్పు మన దగ్గర చాలామందికి ఉన్నా ఉద్యోగానికి దాని అవసరం తగ్గదు. మనుషులు తేలిగ్గా దొరుకుతారా లేదా అన్నది నియామకంలో చూసే విషయం, విలువ నిర్ధారణలో చూసేది కాదు. అయితే తిరస్కరణ వేళ తగవు తీర్చే నేర్పును ఇక్కడే లెక్కించాం, బాధ్యతలో మళ్లీ చేర్చలేదు.

శ్రమ, ఏకాగ్రతకు 70లో 45. బస్తాలు మోసే పని కూలీలది, కానీ సీజనులో గంటల తరబడి కోసిన పప్పును కళ్లతో వేరు చేయాలి. బరువు ఎత్తే పనినే శ్రమగా చూసి, కంటి పనిని, చేతివేళ్ల పనిని తక్కువ చేసే పాత అలవాటు వల్ల ఎక్కువగా నష్టపోయేది మన పప్పు గ్రేడింగు మహిళలే. సమాన పనికి సమాన వేతనమన్న రాజ్యాంగం 39(డి) అధికరణాన్ని, 1958లో భారతదేశం ఆమోదించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒప్పందాన్ని గుర్తుపెట్టుకుని ఆ అలవాటును ఇక్కడ పక్కన పెట్టాం. పని పరిస్థితులకు 50లో 35: మార్చి నుంచి ఎండలో ప్రయాణాలు, చర్మాన్ని కాల్చే జీడి రసం.

మొత్తం 345. మన పట్టికలో 4వ గ్రేడు 280 నుంచి 339 వరకు, 5వ గ్రేడు 340 నుంచి 409 వరకు. గీతకు ఇంత దగ్గరగా వచ్చిన ఫలితాన్ని కేవలం అంకె చూసి ఒప్పుకోవడం తగదని, ఇప్పటికే విలువ కట్టిన ఉద్యోగాల పక్కన పెట్టి చూశాం. 302 మార్కులున్న గోదాము అధికారి నిల్వను కాపాడతారు గాని ధర నిర్ణయించరు. 358 మార్కులున్న షెల్లింగ్ సూపర్‌వైజరు ఎక్కువమందిని నడిపిస్తారు, కానీ కంపెనీ డబ్బు ఎంత చెల్లించాలో నేరుగా నిర్ణయించరు. కొత్త ఉద్యోగం ఈ రెండింటి మధ్య, సూపర్‌వైజరుకే దగ్గరగా నిలుస్తుంది.

ఉత్పత్తి విభాగం 6వ గ్రేడు కోరింది. సీజను ఒత్తిడి ఎక్కువన్నది నిజమే, కానీ ఆ గ్రేడులోని 430 మార్కుల ఉత్పత్తి మేనేజరుకే ఈ అధికారి జవాబుదారీ, నియామకాల అధికారమూ లేదు. ఖాతాల విభాగం 4వ గ్రేడు చాలునన్నది. రెండు గ్రేడుల ఆరంభ జీతాల మధ్య తేడా నెలకు రూ. 4,500, ఏడాదికి రూ. 54,000. ఆ భారం మోయలేమని బోర్డు భావిస్తే నియామకాన్ని వాయిదా వేయవచ్చు గాని, అదే పని చేయిస్తూ గ్రేడు తగ్గించడం న్యాయం కాదని మా అభిప్రాయం.

బోర్డు ఆమోదిస్తే ఈ గ్రేడు 2026 ఫిబ్రవరి 1 నుంచి అమలవుతుంది. కొనుగోలు కేంద్రాలు పెరిగినా, ధరల శ్రేణి దాటి నిర్ణయించే అధికారం ఇచ్చినా, గోదాము నిల్వ బాధ్యత కలిపినా మళ్లీ విలువ కట్టాలి. నియమితులైనవారు మార్కుల పత్రాన్ని చూడవచ్చు, అభ్యంతరముంటే నెల రోజుల్లో ఉపసంఘానికి రాసి ఇవ్వవచ్చు. ఈ సారాంశం ఒడియా ప్రతిని జత చేస్తున్నాం.

కన్వీనరు,
జీతాల ఉపసంఘం